ఒక్క ట్యాప్ ఆటోనా, చేత్తో సర్దడమా: ఇరవై ముఖాల ఫోటోలతో ఎనిమిది రోజులు

మొదటి రోజు

ఇంట్లోవాళ్ల ముఖాల ఫోటోలతో చిన్న ఆల్బమ్ ప్రింట్ వేయించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఏరితే ఇరవై తేలాయి. కొన్ని పాతవి, కొన్ని ఈ వారంలో తీసినవి. అన్నీ మామూలు ఫోన్ ఫోటోలే, ఇంట్లోనో వాకిట్లోనో కూర్చోబెట్టి తీసినవి. వీటిని ప్రింట్‌కి ఇచ్చేముందు కాస్త సర్దాలి. గ్యాలరీలో ఉన్న ఆటో బటన్ ఒక్కసారి నొక్కితే సరిపోతుందా, లేక ఒక్కో స్లైడర్ పట్టుకుని చేత్తో సర్దాలా అన్నది ఈసారి ఊహతో కాకుండా కొలిచి తేల్చుకుందామని ఈ డైరీ మొదలుపెట్టాను.

ప్రతి ఫోటోకి మూడు కాపీలు ఉంటాయి. ఒకటి ముట్టుకోని ఒరిజినల్, రెండోది ఆటో నొక్కి అలాగే సేవ్ చేసినది, మూడోది నేను చేత్తో సర్దినది. చేత్తో సర్దేటప్పుడు ఆటో కాపీని చూడకూడదని నియమం పెట్టుకున్నాను. చూస్తే తెలియకుండానే దానికి దగ్గరగా వెళ్తాం, లేదా దానికి భిన్నంగా ఉండాలని అవతలి వైపు లాగుతాం.

పని మొదలుపెట్టే ముందు ఫోన్ స్క్రీన్‌ని కుదురుగా ఉంచాలి. ఆటో బ్రైట్‌నెస్ ఆపేశాను. రాత్రిపూట స్క్రీన్‌ని పసుపు చేసే మోడ్ ఆపేశాను. చుట్టూ ఉన్న లైటుని బట్టి తెలుపు రంగు మార్చే సెట్టింగ్ కూడా ఆపేశాను. డిస్‌ప్లే రంగుల్ని వివిడ్ నుంచి నేచురల్‌కి మార్చాను. వివిడ్‌లో ఉంటే ఒరిజినల్ ఫోటోలోనే బుగ్గలు ఎర్రగా కనిపిస్తాయి. అప్పుడు మనం ఎరుపు తగ్గిస్తాం, ప్రింట్‌లో ముఖం పాలిపోయి వస్తుంది.

ఈ వారం తీసిన తొమ్మిది ఫోటోలకి ఇంకో జాగ్రత్త తీసుకున్నాను. ప్రతి మనిషినీ మొదట చెంప పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోమని ఒక ఫోటో, తర్వాత కాగితం తీసేసి అదే చోట, అదే వెలుతురులో ఇంకో ఫోటో తీశాను. తెల్ల కాగితం ఫోటోలో ఎంత తెల్లగా వచ్చిందో చూస్తే కెమెరా రంగుని ఎటు లాగిందో తెలిసిపోతుంది. ముఖం చూసి అది చెప్పడం కష్టం.

రెండో రోజు

కంటితో చూసి రాసుకుంటే సరిపోదు, చెంప రంగుని అంకెల్లో కూడా రాసుకోవాలనిపించింది. ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి, 0 నుంచి 255 వరకు. ఒక్క చుక్క మీద ఆధారపడకూడదు, చర్మం మీద పక్కపక్క చుక్కలే చాలా తేడాగా ఉంటాయి. అందుకని చెంప మీద 60 చుక్కల చదరం తీసుకుని సగటు కట్టాను. కంప్యూటర్‌లో ఇంతే పని:

```python
from PIL import Image, ImageOps, ImageStat
im = ImageOps.exif_transpose(Image.open("14_auto.jpg")).convert("RGB")
print(ImageStat.Stat(im.crop((1480, 1210, 1540, 1270))).mean)
```

ఈ మూడు లైన్ల దగ్గరే సగం రోజు పోయింది. మొదట `exif_transpose` లేకుండా రాశాను. ఒరిజినల్‌కి చెంప అంకెలు వచ్చాయి, ఆటో కాపీకి మాత్రం చిత్రంగా పచ్చటి అంకెలు వచ్చాయి. ఆటో ఇంత ఘోరంగా చేసిందా అనుకుని ఒక పేజీ రాసేశాను కూడా. తీరా చూస్తే తప్పు ఆటోది కాదు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసినా ఫైల్ లోపల ఫోటో అడ్డంగానే ఉంటుంది, "తిప్పి చూపించు" అనే ఒక గుర్తు మాత్రం పక్కన రాసి ఉంటుంది. ఎడిట్ చేసి సేవ్ చేసినప్పుడు యాప్ నిజంగానే తిప్పి సేవ్ చేసింది. దాంతో అదే కొలతలు ఒక కాపీలో చెంప మీద, ఇంకో కాపీలో గోడ మీద పడ్డాయి. ఆ పేజీ కొట్టేశాను.

ఇంకో మడత పేచీ కూడా ఉంది. నా ఫోన్ ఫోటోల్ని మామూలు కంటే విశాలమైన రంగుల పరిధిలో సేవ్ చేస్తుంది. ఒక్కో యాప్ సేవ్ చేసేటప్పుడు దాన్ని మామూలు పరిధికి మార్చేస్తుంది. కంటికి రంగు అదే, అంకెలు మాత్రం మారతాయి. ఈ రెండింటినీ పోల్చితే లేని తేడా కనిపిస్తుంది. అందుకని మూడు కాపీలనీ ఒకే యాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేశాను. ఒరిజినల్‌ని కూడా ఏమీ మార్చకుండా అదే దారిలో బయటికి తీశాను. అప్పటినుంచి అంకెల్ని నమ్మగలిగాను.

మూడో రోజు: 14వ ఫోటో

ఇవాళ్టి రోజంతా ఒక్క ఫోటో మీదే గడిపాను. ఈ మొత్తం పోలికలో ఏం జరుగుతోందో నాకు అర్థమైంది ఇక్కడే.

ఫోటోలో పిన్ని కూర్చుని ఉంది. వెనక లేత ఆకుపచ్చ గోడ, ఫ్రేములో సగానికి పైగా అదే ఉంది. ఎడమ వైపు నుంచి కిటికీ వెలుతురు వస్తోంది. ఫోటో కొంచెం డల్‌గా ఉంది, అంతకుమించి దానిలో లోపం లేదు. ఆటో నొక్కగానే స్క్రీన్ మీద ఒక్కసారిగా కళ వచ్చినట్టు అనిపించింది. గోడ తేటపడింది, చీర రంగు పొంగింది. ఫోన్ పిన్ని చేతికిచ్చాను. ఒక నిమిషం చూసి, "ఫోటో బాగుందే, కానీ ఇది నా మొహంలా లేదు. జ్వరం వచ్చి లేచినట్టున్నాను" అంది.

ఆ మాట ఎందుకు వచ్చిందో అంకెలు చెప్పాయి. ఒరిజినల్‌లో పిన్ని చెంప ఎరుపు 158, ఆకుపచ్చ 117, నీలం 94. ఆటోలో అదే చెంప 184, 126, 119. వెలుతురు పెరిగింది, అది మంచిదే. కానీ ఒరిజినల్‌లో ఆకుపచ్చకీ నీలానికీ మధ్య 23 తేడా ఉంటే ఆటోలో 7 మాత్రమే మిగిలింది. మనిషి చర్మం ఏ ఛాయదైనా మామూలు వెలుతురులో ఎరుపు పైన, తర్వాత ఆకుపచ్చ, అన్నిటికంటే కింద నీలం ఉంటాయి. నీలం పైకొచ్చి ఆకుపచ్చని అందుకునేంత దగ్గరైతే చర్మం గులాబీ కలిసిన ఊదా వైపు జరుగుతుంది. పిన్ని "జ్వరం" అన్నది దాన్నే.

చర్మంలో నీలం ఎందుకు పెరిగింది? గోడ వల్ల. రంగుని సరిచేసే పాత పద్ధతుల్లో బాగా వాడే ఊహ ఒకటుంది: ఫోటోలో ఉన్న రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి, రాకపోతే లైటు రంగు తేడాగా ఉన్నట్టు. చెట్లు, మనుషులు, ఆకాశం, నేల అన్నీ ఉన్న ఫోటోకి ఇది బాగానే పనిచేస్తుంది. ఫ్రేములో సగం ఆకుపచ్చ గోడే ఉంటే సగటు ఆకుపచ్చగా వస్తుంది. గోడ ఆకుపచ్చదని ఆ లెక్కకి తెలియదు, లైటే ఆకుపచ్చగా ఉందనుకుని అవతలి వైపుకి, అంటే మెజెంటా వైపుకి తోస్తుంది. ఇప్పటి యాప్‌ల లోపల ఇంతకంటే తెలివైన లెక్కలు ఉండొచ్చు గానీ, ఈ ఫోటోలో జరిగింది మాత్రం అచ్చం ఇలాగే ఉంది.

కాగితం పట్టుకున్న ఫోటోతో దీన్ని సరిచూశాను. ఒరిజినల్‌లో కాగితం 201, 199, 194. మూడూ దాదాపు సమానం, అంటే కెమెరా రంగుని సరిగ్గానే పట్టింది, సరిచేయాల్సిన అవసరమే లేదు. ఆ ఫోటోకి కూడా ఆటో నొక్కితే కాగితం 230, 213, 238 అయింది. తెల్ల కాగితం లేత ఊదా అయిపోయింది. స్క్రీన్ మీద చూసినప్పుడు నాకు అది తెల్లగానే అనిపించిందని ఒప్పుకోవాలి. పక్కన నిజమైన తెల్ల కాగితం పెట్టి చూస్తేనే తేడా తెలిసింది.

చేత్తో సర్దినప్పుడు రంగు స్లైడర్ల జోలికి పోలేదు. ఎక్స్‌పోజర్ కొంచెం పెంచాను, కిటికీ వైపు చెంప తెల్లబడకుండా హైలైట్స్ కొంచెం తగ్గించాను. చెంప 178, 133, 106 దగ్గర ఆగింది. ఇక్కడ ఒక చిన్న లెక్క నాకు బాగా పనికొచ్చింది. ఆకుపచ్చని ఎరుపుతో భాగిస్తే ఒరిజినల్‌లో 0.74, నేను సర్దినదానిలో 0.75. నీలాన్ని ఎరుపుతో భాగిస్తే రెండిట్లోనూ 0.6కి దగ్గరే. అంటే వెలుతురు పెరిగింది గానీ రంగు కదల్లేదు. ఆటోలో ఇవే 0.68, 0.65. మొదటిది తగ్గి రెండోది పెరిగిందంటే చర్మం ఊదా వైపు జరిగినట్టే.

నా యాప్‌లో ఆటో నొక్కాక ఏ స్లైడర్ ఎంత కదిలిందో కింద కనిపిస్తుంది. అందుకని ఇంకో ప్రయత్నం చేశాను. ఆటోని అలాగే ఉంచి, అది కదిపిన వార్మ్‌త్, టింట్ రెండింటినీ మళ్లీ సున్నాకి తెచ్చాను. చెంప నేను సర్దినదానికి చాలా దగ్గరగా వచ్చేసింది. ఆటోలో చెడింది వెలుతురు లెక్క కాదు, రంగు లెక్క ఒక్కటే. పది సెకన్లు కూడా పట్టని ఈ పనిని పేజీ పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను.

నాలుగో రోజు

ఇరవై ఫోటోలకీ మూడేసి కాపీలు తయారయ్యాయి. ఒక్కో ఫోటో చేత్తో సర్దడానికి ఆరేడు నిమిషాలు పట్టింది. ఫైళ్ల పేర్లు మార్చి, వరస కలిపేసి ఇంట్లో ఐదుగురికి చూపించాను. ఏది ఆటో, ఏది నాది అని ఎవరికీ చెప్పలేదు. "ఏది బాగుంది?" అని మాత్రం అడిగాను. ఎక్కువమంది ఎంచుకున్నది లెక్కలోకి.

ఇరవైలో పదకొండు ఆటోకి వెళ్లాయి. నావి ఏడు. రెండిట్లో ఒరిజినలే బాగుందన్నారు. పిన్ని గోడ ఫోటో కూడా ఆటోకే వెళ్లింది, ఐదుగురిలో ముగ్గురు దాన్నే అన్నారు. మనసు చివుక్కుమంది. అంతసేపు కూర్చుని చేసిన పని, అంకెలు సరిగ్గా ఉన్న పని, ఒక్క ట్యాప్ ముందు నిలవలేదు.

రాత్రి అన్ని ఫోటోల చెంప అంకెలు ఒక చోట పెట్టుకుని చూశాను. ఒక విషయం కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఆటో గెలిచిన పదకొండులో తొమ్మిదింటిలో ఆటో కాపీ నా కాపీ కంటే వెలుతురు ఎక్కువగా ఉంది. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే కాస్త ప్రకాశంగా, కాస్త రంగు ఎక్కువగా ఉన్నదే మొదటి చూపులో బాగుందనిపిస్తుంది. పాట వినేటప్పుడు కొంచెం సౌండ్ ఎక్కువున్నదే బాగుందనిపించినట్టే ఇదీ. నేను అడిగింది "ఏది బాగుంది" అని. వాళ్లు జవాబిచ్చింది "ఏది వెలుగుగా ఉంది" అన్న ప్రశ్నకి. తప్పు వాళ్లది కాదు, నా పరీక్షది.

ఐదో రోజు

పరీక్ష మళ్లీ పెట్టాను. ఈసారి రెండు మార్పులు చేశాను.

మొదటిది, పోల్చే ముందు ముఖాల వెలుతురు సమానం చేశాను. దీనికి చెంప ఆకుపచ్చ అంకెని ఆధారంగా తీసుకున్నాను, ఎందుకంటే కంటికి తెలిసే వెలుతురులో ఆకుపచ్చ వాటా దాదాపు 70 శాతం. ఆటో కాపీ, నా కాపీ రెండిట్లోనూ ఆ అంకె నాలుగుకి మించి తేడా లేకుండా ఎక్స్‌పోజర్ మాత్రమే కదిపి సరిచేశాను. ఒరిజినల్‌ని మాత్రం అలాగే వదిలేశాను. రెండోది, ప్రశ్న మార్చాను. "ఈ మనిషి ఎదురుగా కూర్చుంటే ఏ ఫోటోలోలా ఉంటారు?" అని అడిగాను.

ఈసారి నావి పన్నెండు, ఆటో ఐదు, ఒరిజినల్ మూడు. పిన్ని ఫోటోలో ఐదుగురూ నాదే అన్నారు.

అంకె మారిందని సంతోషించడం కంటే, ఆటో ఎక్కడ నిలిచిందో చూడటం ఎక్కువ ఉపయోగపడింది. ఆ ఐదూ ఒకే రకం ఫోటోలు. మబ్బు పట్టిన రోజున వాకిట్లోనో, పెద్ద నీడలోనో తీసినవి. ముఖం మీద వెలుతురు అన్ని వైపుల నుంచీ సమానంగా పడింది, వెనక ఏ ఒక్క రంగూ ఫ్రేముని ఆక్రమించలేదు. అలాంటి ఫోటోలో ఆటో చేసే తప్పు ఏమీ లేదు, నేను అదనంగా చేయగలిగిందీ లేదు. ఇకమీదట వాటి మీద ఆరు నిమిషాలు పెట్టను.

నావి ఓడిపోయినవాటిలో నా తప్పులు రెండు దొరికాయి, రెండూ రాసుకోవాల్సినవే.

ఒకటి, నా కళ్లు. చేత్తో సర్దుతూ ఐదు నిమిషాలు ఒకే ముఖాన్ని చూస్తుంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. కొంచెం వార్మ్‌త్ పెంచుతాం, కాసేపటికి అదే మామూలుగా కనిపిస్తుంది, ఇంకొంచెం పెంచుతాం. 3వ ఫోటోలో అమ్మ ముఖం ఇలాగే నారింజ వైపు వెళ్లిపోయింది, సేవ్ చేసినప్పుడు నాకు తెలియనే లేదు. ఇప్పుడు సర్దడం అయ్యాక ఫోన్ పక్కన పెట్టేసి, కిటికీ బయటికి కాసేపు చూసి, మళ్లీ వచ్చి ముందు ఒరిజినల్, తర్వాత సర్దినది చూస్తున్నాను. ఎక్కువైతే ఆ మొదటి చూపులోనే దొరికిపోతుంది.

రెండోది నుదుటి మెరుపు. 6వ ఫోటోలో ఎక్స్‌పోజర్ పెంచినప్పుడు నుదుటి మీద చిన్న పసుపు మచ్చ వచ్చింది. అక్కడి అంకెలు 255, 231, 190. చర్మంలో ఎరుపే అన్నిటికంటే పైన ఉంటుంది కాబట్టి అదే ముందు 255కి తగిలి ఆగిపోతుంది. ఆకుపచ్చ మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఎరుపు ఆగి ఆకుపచ్చ పెరిగితే వచ్చేది పసుపు. ఆ కాపీని సేవ్ చేసి, తర్వాత తెరిచి వెలుతురు తగ్గించబోతే మచ్చ పోలేదు, పసుపు కాస్తా మట్టి రంగైంది. అప్పటికే ఎరుపులో వివరం పోయింది, ఇంక తిరిగి రాదు. ఒరిజినల్‌కి వెళ్లి ముందు హైలైట్స్ తగ్గించి, ఆ తర్వాత ఎక్స్‌పోజర్ పెంచితేనే సరైంది.

ఆరో రోజు: తమ్ముడి ఫోటో

తమ్ముడు నల్లగా ఉంటాడు. చిన్నప్పటినుంచి ఎవరో ఒకరు దాని గురించి ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. అందుకని 9వ ఫోటో నాకు ఈ ఇరవైలో అన్నిటికంటే ముఖ్యమైనది.

ఆ ఫోటో మంచి వెలుతురులో తీసినదే. చెంప 112, 78, 60. ఆటో దాన్ని 151, 113, 94కి తీసుకెళ్లింది. ఫోటోలో వెలుతురు లోపం లేదు, తెల్ల కాగితం 222 దగ్గర ఉంది, అంటే సరిపడా వెలుతురు పడినట్టే. అయినా ముఖాన్ని లేపేసింది. ఇంట్లో మొదటిసారి చూసినవాళ్లు "అబ్బ, ఎంత బాగున్నాడో" అన్నారు. వాడు మాత్రం, "అక్కా, అది నేను కాదు. నా రంగు ఇది కాదు" అన్నాడు.

ఎందుకిలా అంటే, వెలుతురు కొలిచే పద్ధతుల వెనక ఒక పాత ఊహ ఉంది. ఎదురుగా ఉన్న దృశ్యం మొత్తం మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపుతుందని, దాన్ని మధ్యస్థమైన బూడిదగా చూపాలని. ముదురు చర్మం అంతకంటే తక్కువ వెలుతురు తిప్పి పంపుతుంది. ఫ్రేము నిండా అదే ఉంటే లెక్క దాన్ని "వెలుతురు చాలని ఫోటో"గా చదువుతుంది. చర్మమే ముదురా, లైటే తక్కువా అన్నది ఒక్క ఫోటో చూసి ఆ లెక్క చెప్పలేదు. మనకి తెలుసు, ఎందుకంటే మనిషి మన ఎదురుగా ఉన్నాడు.

ఇది ఫోన్లతో మొదలైనదేమీ కాదు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో ప్రింట్ రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డులు అని కొడాక్ పంపేది. వాటి మీద ఏళ్ల తరబడి తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆ ముఖం సరిగ్గా వస్తే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. ముదురు ఛాయలు ఎలా వస్తున్నాయో ఆ కార్డు చెప్పేది కాదు. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌తో రియల్ టోన్ అని ప్రత్యేకంగా తెచ్చింది ఈ లోటు కోసమే.

తమ్ముడి ఫోటోని చేత్తో సర్దడానికి వాణ్ణే పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎక్స్‌పోజర్ ముట్టుకోలేదు. ముదురు చర్మానికి ప్రాణం పోసేది చెంప ఎముక మీద, ముక్కు మీద, నుదుటి మీద ఉండే మెరుపు. ఆటో చేసినట్టు నీడల్ని పైకి లేపితే ఆ మెరుపుకీ చుట్టూ ఉన్న చర్మానికీ తేడా తగ్గి ముఖం సున్నం కొట్టినట్టు చదునైపోతుంది. అందుకని షాడోస్ అలాగే వదిలేసి, హైలైట్స్ కొంచెం పెంచాను, బ్లాక్ పాయింట్ ఒక రవ్వ పెంచాను, దాంతో జుట్టు నల్లగా నిలబడింది. చెంప 115, 80, 61. ఒరిజినల్‌కీ దీనికీ అంకెల్లో ఏమంత తేడా లేదు. కానీ ముఖానికి గుండ్రదనం వచ్చింది. వాడు ఫోన్ తీసుకుని దాన్ని తన ప్రొఫైల్ ఫోటోగా పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆటోని సగానికి తగ్గించి చూశాను, చాలా యాప్‌లలో ఆటోకి కూడా ఎక్కువ తక్కువల స్లైడర్ ఉంటుంది. సగం తప్పు మిగిలింది. ఇలాంటి ఫోటోలో ఆటో నుంచి మొదలుపెట్టడమే దండగ.

ఏడో రోజు

కిటికీకి వీపు పెట్టి కూర్చున్న ముఖాలు మూడు ఉన్నాయి. వీటిలో ఆటోకీ నాకూ ఇద్దరికీ కష్టమే.

17వ ఫోటోలో చెంప 74, 52, 41 మాత్రమే. ఆటో మొత్తం ఫోటోలో నీడల్ని లేపింది. ముఖం 121, 92, 80కి వచ్చింది గానీ జుట్టు 18 నుంచి 46కి పోయి, పొగ కమ్మినట్టు అయింది. పైగా జుట్టుకీ కిటికీకీ మధ్య సన్నటి తెల్ల గీత కనిపించింది. ఫోన్ చిన్న చిన్న భాగాలుగా వెలుతురు సర్దినప్పుడు అంచుల్లో ఇలా వస్తుంది. ఫోటోని రెండు రెట్లు జూమ్ చేసి భుజం, చెవి, జుట్టు అంచులు చూస్తే ఇది పట్టుబడుతుంది.

నేను సెలెక్టివ్ టూల్ వాడాను. చెంప మీద వేలు పెట్టి ఒక చుక్క ఉంచి, రెండు వేళ్లతో దాని పరిధిని ముఖం వరకే కుదించి, వెలుతురు పెంచాను. ముఖం లేచింది, జుట్టు నల్లగానే ఉంది, కిటికీ కిటికీలాగే ఉంది. అయితే ఎంతవరకు పెంచొచ్చో దానికొక హద్దు ఉంది. చెంప 110 దాటేసరికి చర్మం మీద రంగురంగుల ఇసుక చల్లినట్టు చుక్కలు తేలాయి. చీకట్లో కెమెరా పట్టుకున్న వివరమే తక్కువ, దాన్ని సాగదీస్తే వచ్చేది ఇదే. నాయిస్ తగ్గించే స్లైడర్ లాగితే చుక్కలు పోయాయి, వాటితో పాటు కనుబొమ్మల వెంట్రుకలు కూడా పోయాయి. 100 దగ్గర ఆపేసి, ముఖం కొంచెం నీడలో ఉన్నట్టే వదిలేశాను. కిటికీ ముందు కూర్చున్న మనిషి ముఖం నీడలో ఉండటం అబద్ధం కాదు కదా.

మిగతా రెండు ఫోటోలని సర్దడం మానేసి, వాళ్లని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి మళ్లీ తీశాను. రెండు నిమిషాల పని. వాటికి ఆటో నొక్కి, టింట్ సున్నా చేస్తే సరిపోయింది.

ఎనిమిదో రోజు

ఇరవైలో పంతొమ్మిది తేలాయి. ఇప్పుడు నా చేతికి అలవాటైన వరస ఇది. ఆటో నొక్కుతాను. వార్మ్‌త్, టింట్ సున్నాకి తెస్తాను. చెంప చూస్తాను, మనిషి రంగు దాటి లేచిపోయిందనిపిస్తే ఆటో తీసేసి ఒరిజినల్ నుంచి హైలైట్స్‌తో మొదలుపెడతాను. వెనక ఒకే రంగు గోడ గానీ తోట గానీ ఉంటే అసలు ఆటో జోలికే పోను. ఒక్కో ఫోటోకి ఆరేడు నిమిషాలు పట్టేది ఇప్పుడు రెండు నిమిషాల లోపే అయిపోతోంది.

మిగిలింది 20వ ఫోటో. అందులో పిన్ని, తమ్ముడు చెంప చెంప ఆనించి నవ్వుతున్నారు. పిన్ని పచ్చగా ఉంటుంది, తమ్ముడు నల్లగా. ఆటో ఇద్దరినీ కలిపి ఒకే లెక్కలో వేసింది. తమ్ముడు సున్నం రంగుకి దగ్గరయ్యాడు, పిన్ని నుదుటి మీద ఎరుపు 255కి తగిలింది. ఒక్క ఎక్స్‌పోజర్ స్లైడర్‌తో ఇద్దరికీ న్యాయం చేయడం నా వల్లా కాలేదు. పిన్నికి సరిపోతే తమ్ముడి కళ్లు నీడలో కలిసిపోతున్నాయి, తమ్ముడికి సరిపోతే పిన్ని పాలిపోతోంది.

ఎక్స్‌పోజర్‌ని పిన్ని నుదురు 240 దాటని చోట ఆపాను. తమ్ముడి చెంపకి కాకుండా వాడి కళ్ల దగ్గర మాత్రం రెండు చిన్న సెలెక్టివ్ చుక్కలు పెట్టి, కొద్దిగా వెలుతురు పెంచాను. చెంప రంగు 9వ ఫోటోలో ఉన్నదానికి నాలుగైదు అంకెల లోపే ఉండాలని చూసుకున్నాను, ఎందుకంటే ఆల్బమ్‌లో ఈ రెండు ఫోటోలూ ఎదురెదురు పేజీల్లో వస్తాయి, ఒకే మనిషి రెండు రంగుల్లో కనిపించకూడదు. ఇప్పటికి చెంప 118, 82, 63 దగ్గర ఉంది. మొదట ఈ ఒక్క ఫోటోని, పిన్ని గోడ ఫోటోని చిన్న సైజులో పరీక్ష ప్రింట్ తీయించి, పగటి వెలుతురులో వాళ్లిద్దరి ముఖాల పక్కన పెట్టి చూశాక మిగతా పద్దెనిమిదీ ఇస్తాను.